వత్తుకు చోటు

‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద రెండు వత్తులు వేలాడతాయి. సరిగ్గా దాని కింది వరుసలో ‘కీ’ వస్తే, దాని గుడి పైకి లేచి వత్తును తాకుతుంది. తెలుగు పుటలో వరుసల ఎడం తేలేది ఇక్కడే.

పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ మామూలుగా అక్షరం సైజుకు 120 శాతం ఎడం ఇస్తుంది. 12 పాయింట్ల అక్షరానికి 14.4 అన్నమాట. ఇంగ్లీషుకు అది చాలు, మనకు ఇరుకు. నేనైతే 18తో మొదలుపెట్టి, జంట వత్తులున్న పేరాలను అచ్చుతీసి చూస్తాను. ఫాంటును బట్టి 17కి తగ్గవచ్చు.

ఖర్చు మాత్రం నిజమే. ఏడంగుళాల అచ్చుభాగంలో 14.4కు 35 వరుసలు పడితే, 18కి 28 పడతాయి. 200 పేజీల పుస్తకం 250 అవుతుంది. అయినా అక్షరాలు గుద్దుకోనివ్వకూడదు.

వరుస పొడవు డెమీ సైజులో నాలుగుంబావు అంగుళాలు బాగుంటుంది. మరీ పొడవైతే కన్ను తర్వాతి వరుస మొదలు తప్పి, చదివిందే చదువుతుంది. మరీ కురచైతే మన పొడవాటి సమాసాలు ఇమడవు. రెండంచులూ సమం చేసినప్పుడు మాటల మధ్య తెల్లటి సందులు పడతాయి. మాటను అక్షరం దగ్గర విరవనిస్తే అవి పూడుకుంటాయి, కానీ వత్తును దాని అక్షరం నుంచి విడదీయకూడదు.