గుట్టను తప్పించే దారి

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ముదురు రంగు సీసాలో నెలల తరబడి నిలవ ఉంటుంది. దాన్నే పచ్చి బంగాళాదుంప ముక్క మీద పోస్తే క్షణాల్లో తెల్లటి నురగ పొంగుతుంది. నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోవడం రెండు చోట్లా జరిగేదే. తేడా అంతా వేగంలోనే.

ఒక బండరాయి, దాని ముందు చిన్న గుట్ట, అవతల లోతైన పల్లం ఉన్నాయనుకుందాం. గుట్ట దాటితే రాయి తనంతట తానే దొర్లిపోతుంది. కానీ ముందు దాన్ని పైదాకా నెట్టాలి. అందుకు కావలసిన శక్తే ఉత్తేజన శక్తి. పెరాక్సైడ్‌కు ఈ గుట్ట ఎత్తు మోల్‌కు సుమారు 75 కిలోజౌళ్లు. గది ఉష్ణోగ్రతలో అంత శక్తి ఉన్న అణువులు చాలా అరుదు.

ఉత్ప్రేరకం రాయిని గట్టిగా నెట్టదు, పక్కన తక్కువ ఎత్తున్న దారి చూపిస్తుంది. అయోడైడ్ కలిపితే అది ఒక పెరాక్సైడ్ అణువు నుంచి ఆక్సిజన్ పరమాణువును తీసుకుంటుంది. తర్వాత మరో పెరాక్సైడ్ అణువుతో చర్య జరిపి, ఆక్సిజన్ వాయువును వదిలి, మళ్లీ అయోడైడ్‌గా మారుతుంది. ఈ దారి ఎత్తు దాదాపు 56 కిలోజౌళ్లే. మిగతావేవీ మారకపోతే, ఆ 19 కిలోజౌళ్ల తగ్గుదలే వేగాన్ని సుమారు 2000 రెట్లు పెంచుతుంది.

బంగాళాదుంపలోని కేటలేజ్ అనే ఎంజైమ్ చూపే దారి ఇంకా పల్లంగా ఉంటుంది. అయితే దుంపను బాగా ఉడికిస్తే ఎంజైమ్ ఆకారం చెడిపోతుంది, ఇక నురగ రాదు.

ఉత్ప్రేరకానికి ఒక హద్దుంది. రాయి మొదలయ్యే చోటునూ, చేరే పల్లాన్నీ అది మార్చలేదు. అందుకే ఏ దారిన వెళ్లినా, అంతే పెరాక్సైడ్ నుంచి వెలువడే వేడి అంతే.