జపాన్ క్లయింటుకు ఓ క్షమాపణ లేఖ

ఆన్‌లైన్ మీటింగ్ తప్పిపోవడం ఏ దేశంలోనైనా జరిగేదే. చాలాచోట్ల ‘సారీ, ఇంటర్నెట్ పోయింది, మళ్లీ ఎప్పుడు కలుద్దాం?’ అని ఓ మెసేజ్ పెట్టేస్తే సరిపోతుంది. జపాన్ కంపెనీలతో పనిచేసేవారికి మాత్రం అది సరిపోదు. అక్కడ క్షమాపణకు ఓ పద్ధతి ఉంది. అలాగని పేజీలకు పేజీలు రాయమని కాదు. అక్కడి ఆఫీసు మర్యాదల్లో మంచి క్షమాపణ లేఖ అంటే చిన్నదే. అయితే అందులో ప్రతి వాక్యానికీ ఓ పని ఉంటుంది.

హైదరాబాద్‌లో పనిచేసే ఓ ఇంజినీరునే ఉదాహరణగా తీసుకుందాం. టోక్యోలోని క్లయింటుతో ఉదయం 10 గంటలకు అరగంట మీటింగ్. వాళ్లు మెయిల్‌లో రాసింది జపాన్ సమయం. ఈయన దాన్ని మన సమయం అనుకుని క్యాలెండర్‌లో 10కి వేసుకున్నాడు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి అక్కడ 10 అయితే ఇక్కడ ఉదయం 6.30. అమెరికాలోలాగా అక్కడ వేసవికీ చలికాలానికీ గడియారాలు మార్చరు. ఏడాది పొడవునా తేడా అంతే. అందుకే ‘టైమ్ జోన్ గందరగోళం’ అంటే అక్కడ ఎవరూ సానుభూతి చూపరు. ఈయన 7.10కి ఫోన్ చూసేసరికి ‘ఎదురుచూస్తున్నాం’ అన్న మెసేజ్ ఉంది. అప్పటికి అక్కడ 10.40. మీటింగ్ ముగిసిపోయింది.

ముందు చేయాల్సింది మెయిల్ కాదు, ఫోన్. అందితే రెండు మాటల్లో తప్పు ఒప్పుకొని, వివరంగా మెయిల్ పంపుతానని చెప్పాలి. అందకపోతే ఆ సంగతి మెయిల్‌లో రాయాలి. మధ్యలోనే తన మేనేజరుకూ చెప్పేయాలి. జరిగింది చెప్పడం, సమాచారం అందించడం, సలహా అడగడం అనే మూడింటినీ కలిపి జపాన్ ఆఫీసుల్లో ‘హోరెన్సో’ అంటారు. కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేవాటిలో అదొకటి. తమ ఉద్యోగి మీటింగ్ ఎగ్గొట్టాడని క్లయింటు నోట వింటే మేనేజరు తలదించుకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత అరగంటలోపే మెయిల్ వెళ్లాలి. సాయంత్రం తీరిగ్గా పంపితే ఎంత అందంగా రాసినా సగం విలువ పోయినట్టే.

జపాన్ ఒరవడిలో ఆ మెయిల్‌ను తెలుగులో పెడితే దాదాపు ఇలా ఉంటుంది:

విషయం: క్షమాపణ – ఈరోజు ఉదయం 10 గంటల ఆన్‌లైన్ మీటింగ్‌కు హాజరుకాలేకపోవడం గురించి

ఫలానా కంపెనీ, ఫలానా విభాగం, ఫలానా వారికి

ఎప్పుడూ మీ సహకారం అందిస్తున్నందుకు ధన్యవాదాలు. ఫలానా కంపెనీ నుంచి ఫలానాను రాస్తున్నాను.

ఈరోజు ఉదయం 10 గంటల మీటింగ్‌కు ముందుగా చెప్పకుండా హాజరు కాలేదు. నా కోసం సమయం కేటాయించి ఎదురుచూసిన మీ అందరికీ ఇబ్బంది కలిగించాను. ఎంతో చింతిస్తూ క్షమాపణ కోరుతున్నాను.

మీరు రాసిన జపాన్ సమయాన్ని భారత సమయంగా క్యాలెండర్‌లో వేసుకున్నాను. సరిచూసుకోకపోవడం నా తప్పు. ఇకపై మీటింగ్ సమయాన్ని రెండు దేశాల గంటల్లోనూ రాసి, ముందురోజే మీకు మెయిల్ చేస్తాను.

మీకు ఇబ్బంది లేకపోతే మరోసారి సమయం ఇవ్వగలరా? రేపు 11 గంటలకు, రేపు మధ్యాహ్నం 3 గంటలకు, ఎల్లుండి 10 గంటలకు నేను సిద్ధంగా ఉంటాను. ఇవన్నీ జపాన్ సమయాలు. ఈరోజు చూపించాల్సిన పరీక్షల నివేదికను జతచేశాను.

అత్యవసరంగా మెయిల్‌లోనే క్షమాపణ చెబుతున్నాను. మరోసారి మన్నించమని కోరుతున్నాను.

ఇందులో గమనించాల్సిందేమిటంటే, కారణం ఒక్క వాక్యంలో తేలిపోయింది. కారణం చెప్పకపోతే దాస్తున్నట్టుంటుంది. నాలుగు వాక్యాలు చెబితే సాకు అవుతుంది. జపనీయులు సాకును ‘ఇయివాకే’ అంటారు. క్షమాపణలో వాళ్లు దేన్ని భరించలేరంటే దాన్నే. సమయం దేశాన్ని బట్టి మారడం కారణమే. కానీ తప్పు సమయానిది కాదు, సరిచూసుకోని మనిషిది. లేఖ ఆ మాట ఒప్పుకుంది. ఇంటర్నెట్ పోయినా అంతే. ‘లైన్ పోయింది’ అని ఆపకూడదు, ‘ఫోన్ ద్వారా చేరే ఏర్పాటు ముందే చేసుకోలేదు’ అని రాయాలి.

ఇంకోసారి అలా జరగకుండా ఏం చేస్తారో చెప్పడం మరీ ముఖ్యం. జపాన్ ఆఫీసులు దీన్ని ‘సైహత్సు బోషి’ అంటాయి, అంటే పునరావృతం కాకుండా నివారించడం. ‘ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అంటే అది నివారణ కాదు, కోరిక. ‘ముందురోజే మెయిల్ పంపుతాను’ అంటే వాళ్లు లెక్కచూసుకోగలిగిన పని. అలాగే కొత్త సమయాలు అడిగే వాక్యం ప్రశ్నలా ఉంది. తప్పు చేసినవాడు తేదీలు నిర్ణయించేసినట్టు రాస్తే బాగుండదు. అలాగని మీ ఇష్టం అని వదిలేస్తే మళ్లీ నాలుగు మెయిళ్లు నడుస్తాయి. మూడు వీలైన సమయాలు ఇస్తే వాళ్లు ఒకదాన్ని ఎంచుకుంటారు.

మాటల ఎంపికలోనూ హద్దులున్నాయి. రోజువారీ ‘సుమిమాసేన్’ తోవలో ఎవరికైనా తగిలినప్పుడు పనికొస్తుంది, క్లయింటుకు రాసే లేఖలో తేలికైపోతుంది. ‘మోషివాకే గోజాయిమాసేన్’ అని రాయడమే అలవాటు. ‘అర్థం చేసుకోగలరు’ వంటి మాటను క్షమాపణలో పెట్టకూడదు. క్షమించాలో వద్దో వాళ్లు తేల్చుకోవాలి, ఆ పని మనం చేసేసినట్టవుతుంది. మేనేజరును ప్రస్తావిస్తే ఆ పేరుకు ‘సాన్’ చేర్చకూడదు. బయటివారి ముందు మనవాళ్లను గౌరవవాచకంతో పిలవకపోవడం అక్కడి రివాజు. క్షమాపణ ముందొకసారి, చివర ఒకసారి చాలు. పేరాకో సారి చెబితే మధ్యలో ఉన్న పనికొచ్చే వివరం మరుగున పడుతుంది.

మన ఇంజినీరు ఇంగ్లీషులో రాస్తున్నా ఇదే క్రమం పనిచేస్తుంది. ఆ తర్వాత కొత్త మీటింగ్ మొదలవగానే ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పి వెంటనే పనిలోకి వెళ్లిపోవాలి. అక్కడ మళ్లీ కథ చెబితే ఇంకొంత సమయం తిన్నట్టే. ‘ఫర్వాలేదు, రేపు 11కు కలుద్దాం’ అన్న మామూలు జవాబు వస్తే విషయం ముగిసినట్టు. అలాకాక వాళ్ల పైఅధికారి నుంచి మన పైఅధికారికి మెయిల్ వస్తే, చిన్న లేఖతో ఆగే దశ దాటిపోయినట్టు. అప్పుడు రాయాల్సింది ఉద్యోగి కాదు, మేనేజరు.

ఈ లేఖకు ఉన్న పరిమితి కూడా అదే. తొలిసారి జరిగిన తప్పుకు, పెద్ద నష్టం లేనప్పుడు ఇది చాలు. మీటింగ్ తప్పడం వల్ల వాళ్ల విడుదల తేదీ వెనక్కి పోతే, లేదా ఇదే మనిషి రెండోసారి తప్పితే, ఎంత చక్కగా రాసినా పనిచేయదు. ముందురోజే పంపుతానన్న మెయిల్ నిజంగా పంపితేనే ఈ క్షమాపణకు విలువ.