తాళాలు వేయనా: ఒక పాటకు పేరు కుదిరిన తీరు

పాటకు విడిగా పేరు పెట్టే అలవాటు మనకు మొదటినుంచీ లేదు. త్యాగరాజ కృతి అయినా, అన్నమయ్య సంకీర్తన అయినా, సినిమా పాట అయినా పల్లవి ఎత్తుగడలో వచ్చే రెండు మూడు మాటలతోనే గుర్తుపెట్టుకుంటాం. గ్రామఫోన్ రికార్డు మీద, క్యాసెట్ అట్ట మీద అచ్చయినవి కూడా ఆ మాటలే. దానివల్ల మన పాటల రచయితలకు ఒక పెద్ద పని తప్పింది. పేరు ఎప్పుడూ పల్లవిలోనే ఉండేది.

ఇప్పుడు సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు చేసి విడుదల చేసే కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. పాటను ఎక్కించేటప్పుడు పేరు రాయమని అక్కడ ఒక గడి ఉంటుంది. చాలామంది అందులో పాట మొత్తంలో ఎక్కడా వినిపించని ఒక గంభీరమైన మాట రాస్తారు: 'విరహం', 'అన్వేషణ', లేదంటే ఒక ఇంగ్లిష్ మాట. విన్నవాడికి గుర్తుండేది పల్లవి. మర్నాడు ఆ పల్లవి మాటలు కొట్టి వెతుకుతాడు, పాట దొరకదు. ఈ ఇబ్బంది పడమటి దేశాల్లో పాతదే. ది హూ అనే బ్రిటిష్ బృందం 1971లో 'బాబా ఓరైలీ' అనే పాట తెచ్చింది. అందులో బాబా అంటే మన మెహెర్ బాబా, రైలీ అంటే టెర్రీ రైలీ అనే స్వరకర్త. ఈ పేరు పాటలో ఎక్కడా వినపడదు. అందుకే పాటలో పదేపదే వచ్చే మాటలనే దాని పేరుగా అనుకునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. అంత గొప్ప బృందానికి ఆ లోటు చెల్లింది. కొత్తవాళ్లకు చెల్లదు.

స్టూడియోల్లో హుక్ అనే మాట వాడతారు. పాట అయిపోయాక కూడా నోట్లో మిగిలే చిన్న ముక్క అది. ఎక్కువగా పల్లవిలోనే ఉంటుంది. దానికి బాణీ ఒకటి, మాట ఒకటి ఉంటాయి. ఆ మాటే పాట పేరైతే రెండూ ఒకదాన్నొకటి గుర్తు చేస్తాయి. అయితే మాటను ఆ చోటులో కూర్చోబెట్టడం సులువు కాదు, ఎందుకంటే మన దగ్గర సాధారణంగా ముందు ట్యూన్ వస్తుంది. సంగీత దర్శకుడు తననాలతోనో డమ్మీ మాటలతోనో పాడి పంపిస్తాడు, రచయిత ఆ కొలతకు రాస్తాడు. పాల్ మెకార్ట్‌నీకి 'ఎస్టర్‌డే' (1965) బాణీ తట్టినప్పుడు మాటలు లేక కొన్నాళ్లు 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అని పాడుకున్నాడు. గుడ్ల కూర స్థానంలోకి చివరికి వచ్చిన మాట కూడా మూడు అక్షరాల ఉచ్చారణ ఉన్నదే. అర్థం పూర్తిగా మారింది, కొలత మారలేదు.

తెలుగులో ఈ కొలత చూసుకోవడానికి బడిలో నేర్చుకున్న గురువు, లఘువులు చాలు. 'నాటు నాటు' సంగతి చూడండి. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాటలు, 2023లో ఆస్కార్. 'నాటు'లో ఒక గురువు, ఒక లఘువు, మొత్తం మూడు మాత్రలు. పాట నడక సిక్స్-బై-ఎయిట్, అంటే మూడేసి మాత్రల గుంపులు రెండు. రెండు 'నాటు'లు పక్కపక్కన పెడితే ఆ నడకకు సరిగ్గా ఆరు మాత్రలు. మాటను సాగదీయనక్కర్లేదు, కుదించనక్కర్లేదు, మామూలుగా పలికితే చాలు తాళంలో పడుతుంది. హిందీలో దాన్ని 'నాచో నాచో' చేశారు. అర్థం మారినా మొదటి 'నా' అనే శబ్దాన్ని, ఆ చోటును వదల్లేదు. హుక్ ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఒక పాటను మొదటినుంచీ తయారు చేసి చూద్దాం. సందర్భం ఇది: కొడుకు ఇంట్లో గొడవపడి, ఇక రానని చెప్పి వెళ్లిపోయాడు. రాత్రి చాలా పొద్దుపోయింది. తల్లి గేటు తాళం, వీధి తలుపు తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. సంగీత దర్శకుడు ఇచ్చిన పల్లవి ఎత్తుగడ 'తానాన తాననా'. గురువు, గురువు, లఘువు; మళ్లీ గురువు, లఘువు, గురువు. ఐదేసి మాత్రల ఖండగతి. చివరి 'నా' అన్నిటికంటే పై స్వరం మీద ఉంది, అక్కడ గాయని కాసేపు నిలబడుతుంది. పేరు ఈ ఆరు అక్షరాల్లో ఇమడాలి.

మొదట తోచే మాట 'నిరీక్షణ'. విషయం అదే కాబట్టి పేరు కూడా అదే పెట్టాలనిపిస్తుంది. కానీ బాణీ మీద పెట్టి పాడితే మొదటి అక్షరానికే తేడా వస్తుంది. 'ని' లఘువు, అక్కడున్నది దీర్ఘ స్వరం. గాయని 'నీరీక్షణ' అని పాడాల్సి వస్తుంది. ఇలాంటి చోటే వినేవాడికి ఏదో అసహజంగా ఉందనిపిస్తుంది, కారణం మాత్రం చెప్పలేడు. కొలత సరిపోయినా ఈ మాట నాకు నచ్చదు. ఆ తల్లి ఆ రాత్రి ఆ మాట అనదు. నిరీక్షణ అనేది పాట గురించి బయటివాళ్లు చెప్పే మాట. పల్లవిలో పాత్ర నోటినుంచి రాగలిగిన మాటే పేరుగా పనికొస్తుంది.

అందుకని ఆమె చేతిలో ఏముందో అక్కడికి వెళ్దాం. 'తాళాలు వేయనూ'. తా, ళా గురువులు, లు లఘువు, వే గురువు, య లఘువు, నూ గురువు. బాణీ మీద సరిగ్గా కూర్చుంది. మాట కూడా మొండికేసిన తల్లి మాటలాగే ఉంది. రెండు లోపాలున్నాయి. ఒకటి గొంతుకు సంబంధించింది. పై స్వరం మీద 'ఊ' పట్టి నిలబడాలంటే పెదవులు ముడుచుకుని గొంతు సన్నబడుతుంది, 'ఆ' అయితే నోరు తెరుచుకుంటుంది. రెండోది అర్థానికి సంబంధించింది. తాళాలు వేయను అనగానే ఆమె నిర్ణయం తెలిసిపోయింది, ఇక చరణాల్లో వినడానికి మిగిలింది తక్కువ.

చివరి అచ్చు ఒక్కటి మారిస్తే 'తాళాలు వేయనా' అవుతుంది. కొలత అదే, పై స్వరం మీద 'ఆ' వచ్చింది, మాట ప్రశ్నగా మారింది. పేరు చూసినవాడికి ఎవరు అడుగుతున్నారు, ఎవరిని, ఎందుకు అనే ఆరాటం పుడుతుంది. జవాబు పాట లోపల ఉంటుంది. హుక్‌ను పేరు సూచించాలి అనడంలో నాకు అర్థమయ్యేది ఇదే: పేరు ఒక సంఘటన అంచును చూపించి ఆగాలి.

పల్లవిని మొదట ఇలా అల్లవచ్చు:

తాళాలు వేయనా, నీ మాట నమ్మనా
వీధంత చూడనా, తాళాలు వేయనా

కొలత ఎక్కడా తప్పలేదు. అయినా పాడి వినండి, పేరు మిగతా మాటల్లో కలిసిపోతుంది. నాలుగు ముక్కలూ 'నా' తోనే ముగుస్తున్నాయి, నాలుగూ ప్రశ్నలే. అంత్యప్రాస ఎక్కువై హుక్‌ను కప్పేసింది. మూడో ముక్కను మారుద్దాం:

తాళాలు వేయనా, నీ మాట నమ్మనా
వీధంత నిద్రలో, తాళాలు వేయనా

ఇప్పుడు మూడో ముక్క ప్రశ్న మానేసి ఊరు సద్దుమణిగిన సంగతి చెప్పింది. దాని తర్వాత వచ్చిన నాలుగోది మళ్లీ విడిగా వినపడుతుంది. పేరు పల్లవి మొదట ఒకసారి, చివర ఒకసారి వచ్చింది. ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగి వస్తుంది కాబట్టి ఇంతకంటే ఎక్కువ సార్లు అనిపించనక్కర్లేదు. చరణాల లోపల ఆ మాటను అసలు వాడకపోవడం మేలు. అక్కడ వాడితే పల్లవి తిరిగి వచ్చినప్పుడు చెవికి కొత్తదనం ఉండదు.

ఇక మన సంప్రదాయంలో ఉన్న అసలైన బలం ఒకటుంది. పడమటి పాటలో సాధారణంగా ముందు చరణం నడిచి, పేరున్న పల్లవి తర్వాత వస్తుంది. మనకు పల్లవే ముందు. పేరు మొదటి క్షణంలోనే వినపడిపోతుంది కాబట్టి దాని అర్థం చరణాల వల్లే పెరగాలి. చాలా కృతుల్లో చరణం చివరి మాట పల్లవి మొదటి మాటతో అతుక్కుని ఒకే వాక్యమవుతుంది. ఆ పని ఇక్కడ చేద్దాం. మొదటి చరణంలో ఆఖరి బస్సు వెళ్లిపోవడం, కంచంలో అన్నం చల్లారిపోవడం వస్తాయనుకుందాం. దాని చివరి ముక్క:

రానంటివే కదా... తాళాలు వేయనా

ఇక్కడ తాళం వేయడమంటే ఆశ వదులుకోవడం. రెండో చరణం తెల్లవారుజాముకు వస్తుంది. గేటు చప్పుడైంది, కొడుకు తలవంచుకుని లోపలికి వచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. చివరి ముక్క:

నీ బూట్లు వాకిటే... తాళాలు వేయనా

మాట ఒక్క అక్షరం కూడా మారలేదు. కానీ ఇప్పుడది అందరూ ఇంట్లోకి చేరాక రోజూ ఏ తల్లైనా అడిగే మామూలు ప్రశ్న. పేరు ఎంచుకునేటప్పుడే ఈ రెండో అర్థం అందులో దాగి ఉందో లేదో చూసుకోవాలి. 'తాళాలు వేయనూ' అని ఉంచి ఉంటే ఈ రెండో చరణం దగ్గర పాట ఆగిపోయేది. కొడుకు వచ్చాక ఆ మాటకు అర్థం లేదు.

పేరు సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటే. పాట పేరు చెప్పకుండా, సంగీతం లేకుండా, ఎవరికైనా ఒకసారి పాడి వినిపించి, మర్నాడు ఆ పాట పేరేమై ఉంటుందని అడగాలి. వాళ్లు 'వీధంత నిద్రలో' అంటే అదే అసలు హుక్ అన్నమాట. అప్పుడు రెండు దారులు. దాన్నే పేరుగా మార్చుకోవచ్చు, లేదా ఆ ముక్క బాణీని కిందికి దించమని సంగీత దర్శకుణ్ణి అడగవచ్చు. చాలాసార్లు తప్పు మాటది కాదు, పేరు లేని చోట పై స్వరం పడిందన్నదే అసలు సంగతి.

ఆ తర్వాత అదే పేరుతో ఇంకేమున్నాయో వెతికి చూడాలి. 'సామజవరగమన' అని కొడితే త్యాగరాజ కృతి, 'అల వైకుంఠపురములో' (2020) పాట, 2023లో వచ్చిన సినిమా, మూడూ వస్తాయి. పెద్ద సినిమా ఆ గుంపులోనుంచి బయటపడగలదు. మొదటి పాట విడుదల చేసేవాడు బయటపడలేడు. మన పేరు విషయంలో ఆ పోటీ లేకపోయినా ఇంకో చిక్కుంది. తెలుగు పాటల పేర్లను చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. Thalalu Veyana అని రాస్తే దాన్ని 'తలలు' అని చదవడానికి కూడా వీలుంది. అందుకని పేరు గడిలో తెలుగు లిపిలో 'తాళాలు వేయనా' అని, పక్కనే Taalaalu Veyanaa అని పెట్టి, 'వెయ్యనా' అని పలికేవాళ్ల కోసం Veyyanaa అనే రూపాన్ని కింద వివరణలో చేర్చడం మంచిది.