పెద్దవయసు డిప్రెషన్: మందు కన్నా ముందు సోడియం

భర్త పోయిన ఏడు నెలలకు 74 ఏళ్ల పెద్దామెను కోడలు డాక్టరు దగ్గరికి తీసుకొచ్చిందనుకుందాం. ‘‘అత్తయ్య రెండు ముద్దలకు మించి తినడం లేదండీ. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. ఇంకా నన్నెందుకు ఉంచాడో దేవుడు అంటున్నారు’’ అని చెప్పింది. బరువు 51 కిలోల నుంచి 46కు దిగింది. పోయిన నెలలో ఒకసారి బాత్‌రూమ్ దగ్గర పడింది కూడా. ఈమె నిజంగా ఉన్న ఒక మనిషి కాదు. ఇలాంటి ఎందరి పరిస్థితినో కలిపి ఒక కేసుగా చెబుతున్నాను.

ఇది డిప్రెషనే. మందు అవసరమే. కానీ ఏ మందు, ఎంత మోతాదు అన్నది తేలాలంటే కోడలు చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు విప్పి చూడాలి. అందులో బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఉంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఉంది. నాలుగేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి వాడుతున్న ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ ఉన్నాయి. నిద్రకని ఎప్పుడో ఎవరో రాసిన క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు ఉంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్రమడాల్ కలిసిన మాత్ర కూడా ఉంది.

మన దగ్గర ఇలాంటి పరిస్థితిలో ఎక్కువగా కనిపించే చీటీ ఎసిటలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిపిన ఒకే మాత్ర. ముప్పై ఏళ్ల మనిషికి అది పెద్దగా ఇబ్బంది పెట్టకపోవచ్చు. ఈ పెద్దామెకు అదే రాస్తే ఏం జరగవచ్చో ముందు చూద్దాం.

ఎసిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్ వంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు కొందరు పెద్దవాళ్లలో ఒక హార్మోన్‌ను అవసరానికి మించి విడుదల చేయిస్తాయి. నీళ్లను మూత్రంలో పోనివ్వకుండా ఒంట్లోనే పట్టి ఉంచడం ఆ హార్మోన్ పని. చారులో నీళ్లు ఎక్కువైతే ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది కదా, ఇక్కడా అంతే. ఒంట్లో ఉప్పుకు కొరత లేకపోయినా నీరు పెరిగి రక్తం పలచబడుతుంది. మామూలుగా లీటరు రక్తంలో 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య ఉండాల్సిన సోడియం కిందికి జారుతుంది. వయసు మీరినవాళ్లకు, ఆడవాళ్లకు, బరువు తక్కువున్నవాళ్లకు, థయజైడ్ రకం బీపీ మందు వాడేవాళ్లకు, ముందే సోడియం అంచున ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మన పెద్దామెలో ఇవన్నీ ఉన్నాయి. ట్రమడాల్ కూడా సోడియాన్ని తగ్గించగలదు. పైగా ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే అది ఒణుకు, జ్వరం, కంగారు, ఫిట్స్ దాకా తీసుకెళ్లవచ్చు.

సోడియం పడిపోవడం ఎక్కువగా మొదటి రెండు నుంచి నాలుగు వారాల్లోనే జరుగుతుంది. అప్పుడు కనిపించే లక్షణాలే అసలు చిక్కు తెచ్చిపెడతాయి. నీరసం, వికారం, అన్నం సయించకపోవడం, తలనొప్పి, మత్తుగా పడి ఉండటం, అడుగు తడబడటం, మాట తికమక. ఇంట్లోవాళ్లకు ఇవి డిప్రెషన్ ముదిరినట్టే అనిపిస్తాయి. ‘‘మందు పని చేయడం లేదండీ, ఇంకా నీరసపడిపోయారు’’ అని ఫోన్ చేస్తారు. పరీక్ష చేయించకుండా మోతాదు పెంచితే సోడియం ఇంకా పడుతుంది. కొందరి విషయంలో తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో చేరాకగానీ సోడియం 121 ఉందన్న సంగతి బయటపడదు. తగ్గుదల కొద్దిగానే ఉన్నా నడక పట్టు తప్పి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది.

కాబట్టి ఈ పెద్దామె విషయంలో మొదటి పని కొత్త మాత్ర రాయడం కాదు, ఉన్నవాటిని సరిచేయడం. రక్తపరీక్షలో సోడియం 132 వచ్చిందనుకుందాం. అంటే డిప్రెషన్ మందు మొదలుపెట్టకముందే తక్కువగా ఉంది. థయజైడ్‌ను తీసేసి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచి, అవసరాన్ని బట్టి ఆమ్లోడిపిన్ జోడిస్తారు. థయజైడ్ కలిసిన బీపీ మాత్రల పేర్ల చివర చాలాసార్లు ‘హెచ్’ అనే అక్షరం ఉంటుంది గనుక ఇంట్లోవాళ్లూ గుర్తుపట్టవచ్చు. ఖాయంగా తెలియాలంటే పట్టీ వెనక ఉన్న మందుల పేర్లే చదవాలి. ట్రమడాల్ ఆపి పారాసిటమాల్, మోకాలి వ్యాయామాలతో నెట్టుకొస్తారు. క్లోనజెపామ్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. రెండు మూడు వారాలకోసారి కొంచెం చొప్పున తగ్గిస్తూ రావాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలతో పాటు బి12 కూడా చూస్తారు, ఎందుకంటే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఇంకోసారి బీపీ కొలుస్తారు. పై అంకె 20 పాయింట్లు, లేదా కింది అంకె 10 పాయింట్లు పడిపోతే ఆమె బాత్‌రూమ్ దగ్గర పడిపోవడానికి ఒక కారణం దొరికినట్టే.

ఇదంతా చేసేలోపు డిప్రెషన్‌ను గాలికి వదిలేయమని కాదు. ‘నన్నెందుకు ఉంచాడో’ అన్న మాట దగ్గర ఆగి, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని డాక్టరు నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం అక్కర్లేదు. మాత్రలన్నీ కోడలి దగ్గరే ఉండాలి. మనిషి నీళ్లు కూడా ముట్టని స్థితికి చేరినా, ప్రాణం తీసుకునే ప్రయత్నం చేసినా మాత్రలు పని మొదలుపెట్టే దాకా ఆగే వ్యవధి ఉండదు. అప్పుడు మత్తు ఇచ్చి చేసే ఈసీటీ పెద్దవాళ్లలో బాగా పనిచేసే చికిత్స. సినిమాలు దాన్ని భయంకరంగా చూపించడం వల్ల ఎందరో కుటుంబాలు అనవసరంగా వెనకాడుతున్నాయి.

రెండు వారాలకు సోడియం 137కు వచ్చింది. ఇప్పుడు మందు ఎంపిక. ఈమెకు నా మొగ్గు మిర్టజపిన్ వైపు. సోడియం తగ్గించే గుణం దానికి ఎస్‌ఎస్‌ఆర్‌ఐల కన్నా తక్కువ. ఆకలి పెంచుతుంది, నిద్ర పట్టిస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐని ఆస్పిరిన్‌తో కలిపితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, మిర్టజపిన్‌తో ఆ భయం తక్కువ. బరువు ఎక్కువగా ఉండి షుగరు అదుపులో లేని మనిషికైతే ఇదే మందు అంత మంచి ఎంపిక కాకపోవచ్చు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తప్పనిసరైతే సెర్ట్రాలిన్‌ను 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50కి తీసుకెళ్లి, కడుపు రక్షణకు పాంటోప్రజోల్ జోడించవచ్చు. ఎసిటలోప్రామ్ అయితే 5తో మొదలుపెట్టాలి. పెద్దవాళ్లలో 10 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థల హెచ్చరిక, ఎందుకంటే మోతాదు పెరిగితే గుండె లయ దెబ్బతినవచ్చు. పాత అమిట్రిప్టిలిన్ మాత్రం ఈ వయసులో మొదటి ఎంపిక కానే కాదు. నోరు ఎండటం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, మతిమరుపు, నిలబడితే కళ్లు తిరగడం అన్నీ అది మోసుకొస్తుంది.

పడిపోయే ముప్పు లేని డిప్రెషన్ మందు ఏదైనా ఉందా? లేదనే చెప్పాలి. బ్రిటన్‌లో 65 ఏళ్లు దాటి డిప్రెషన్ ఉన్న 60 వేల మందికి పైగా రికార్డులు పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పాత మందుల కన్నా సురక్షితమని నమ్ముతూ వచ్చిన ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వాడినవాళ్లలోనే పడిపోవడం, సోడియం తగ్గడం ఎక్కువగా కనిపించాయి. మందు మొదలుపెట్టిన మొదటి 28 రోజుల్లో ముప్పు ఎక్కువని కూడా అది చెప్పింది. జబ్బు ఎక్కువున్నవాళ్లకే ఒక రకం మందు రాసి ఉండవచ్చు గనుక ఇలాంటి లెక్కలను నిరూపణగా తీసుకోలేం. చికిత్స లేని డిప్రెషన్ కూడా మనిషిని పడేస్తుంది, ఎందుకంటే తినని, కదలని ఒంట్లో కండ కరిగిపోతుంది. అందుకే మందు ఇచ్చి ఆ మొదటి నెల మనిషిని కనిపెట్టుకుని ఉండటమే సరైన దారి.

మిర్టజపిన్ రాత్రి 7.5 మిల్లీగ్రాములతో మొదలైంది. ఆ వారమంతా కోడలు అదే గదిలో పడుకుంటుంది. బాత్‌రూమ్ దారిలో లైటు వేసి ఉంచుతుంది. మంచం మీద నుంచి లేచాక ఒక నిమిషం కూర్చుని కదలమని అత్తయ్యకు చెబుతుంది. వారం పది రోజులకు పగటి మత్తు తగ్గాక 15 చేస్తారు. పద్నాలుగో రోజున సోడియం 136, నాలుగో వారంలో 135. ఆకలి వచ్చింది, నిద్ర ఐదు గంటలకు పెరిగింది. కానీ మనసు ఇంకా తేరుకోలేదు. పదిహేను ప్రశ్నల జెరియాట్రిక్ డిప్రెషన్ స్కేల్‌లో మొదట 11 వచ్చిన మార్కు ఆరో వారంలో 9 దగ్గరే ఉంది.

చాలా వైద్యాలు ఇక్కడే దారి తప్పుతాయి. పెద్దవాళ్లకు తక్కువతో మొదలుపెట్టాలన్నది అందరూ గుర్తుపెట్టుకుంటారు. కానీ ఆ తక్కువ దగ్గరే నెలల తరబడి ఉండిపోయి, చివరికి మందు పనిచేయలేదని తేల్చేస్తారు. మొదలు చిన్నగా, పెంచడం నిదానంగా ఉండాలి గానీ పనిచేసే మోతాదు దాకా వెళ్లాల్సిందే. కిడ్నీ పరీక్ష బాగుంది గనుక 30 మిల్లీగ్రాములకు పెంచారు. నిలబడితే బీపీ పడటం లేదని చూశారు, సోడియం మళ్లీ కొలిచారు. పదో వారానికి మార్కు 4కు దిగింది. పెద్దవాళ్లలో పూర్తి ఫలితానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టడం మామూలే. తేరుకున్నాక కూడా కనీసం ఏడాది పాటు అదే మోతాదు కొనసాగించాలి.

దారిలో సోడియం పడితే? 130 నుంచి 134 మధ్య ఉండి మనిషి బాగుంటే మిగతా మందులు మళ్లీ వెతికి, కొద్ది రోజుల్లో పరీక్ష తిరగచేస్తారు. 130 కన్నా తగ్గినా, తికమక, తూలు మొదలైనా డాక్టరు సలహాతో మందు ఆపి వేరేది చూడాలి. 125 లోపు వస్తే ఆస్పత్రే. ఇంట్లోవాళ్లు మంచి మనసుతో చేసే పొరపాటు ఒకటుంది. సోడియం తగ్గిందనగానే ఉప్పు నీళ్లు, ఓఆర్‌ఎస్, కొబ్బరి నీళ్లు పట్టిస్తారు. ఈ రకం తగ్గుదలలో ఒంట్లో ఎక్కువైంది నీరు. మీదమీద తాగిస్తే సోడియం ఇంకా పలచబడుతుంది, ఉప్పు వల్ల బీపీ పెరుగుతుంది. తరచుగా చేయాల్సింది తాగే నీటిని డాక్టరు చెప్పిన మేరకు తగ్గించడం. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి తగ్గితే వైద్యం పూర్తిగా వేరు, అందుకే ఏది ఏదో డాక్టరే తేల్చాలి. ఆస్పత్రిలోనూ తొందరపడరు. రోజుకు 8 నుంచి 10 మిల్లీమోల్‌లకు మించి పెంచితే మెదడు నరాల పైపొర దెబ్బతిని మనిషి మంచాన పడవచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు కొత్తగా డిప్రెషన్ మందు రాస్తే, షాపులో అడిగి కొన్న నొప్పి మాత్రలతో సహా వాడుతున్నవన్నీ డాక్టరు బల్ల మీద పెట్టండి. మందుకు ముందు ఒకసారి, రెండో వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి సోడియం పరీక్ష ఏ తేదీల్లో చేయించాలో ఆ చీటీ మీదే రాయించుకోండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.