పార్సిల్ అందిన తేదీయే వాపసుకు లెక్క

మదనపల్లె: ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును వాపసు చేసే గడువు సాధారణంగా ఆర్డరు ఇచ్చిన నాటి నుంచి కాక, పార్సిల్ అందిన నాటి నుంచి మొదలవుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కొనుగోలుదారులు తమ ఈ-మెయిళ్లతోనే ఈ లెక్క చూసుకోవచ్చు.

జీమెయిల్‌లో `subject:delivered newer_than:30d` అని వెతికితే నెల రోజుల డెలివరీ సందేశాలు కనిపిస్తాయి. గూగుల్ షీట్స్ రెండో వరుస నుంచి ఒక్కో పార్సిల్‌కు ఒక్కో వరుస కేటాయించాలి. A గడిలో వస్తువు, B గడిలో రావాల్సిన తేదీ, C గడిలో అందిన తేదీ, D గడిలో వాపసు రోజులు నమోదు చేసి, E గడిలో ఈ సూత్రం రాయాలి.

```
=IF(C2="","",C2+D2)
```

ఉదాహరణకు 1న ఆర్డరిచ్చిన చీర 9న అందితే, పది రోజుల గడువు 19న ముగుస్తుంది. ఆర్డరు తేదీ నుంచి లెక్కిస్తే 11నే ముగిసిందని పొరబడతారు. E గడి ఖాళీగా ఉంటే పార్సిల్ ఇంకా రావాల్సి ఉన్నట్లే. పార్సిల్ చేతికందకుండానే డెలివరీ సందేశం వస్తే అదే రోజు విక్రేతకు ఫిర్యాదు చేయాలి. అప్పటికే గడువు మొదలై ఉంటుంది.