కంపెనీ చేతులు మారాక రాజీనామా

కంపెనీని మరొకరు కొన్నాక గేటు మీద బోర్డు మారడానికి నెలలు పట్టొచ్చు. పై అధికారి మాత్రం ఒక్క ఈమెయిల్‌తో మారిపోతాడు. హైదరాబాద్‌లో ఒక అకౌంట్స్ మేనేజర్ ఉన్నాడనుకుందాం. నిన్నటిదాకా ఇక్కడి ఫైనాన్స్ హెడ్‌కు రిపోర్ట్ చేసేవాడు. విలీనమయ్యాక పుణెలో తనతో సమాన హోదా ఉన్న ఉద్యోగి కింద వేశారు. నోటీసు గడువు 30 రోజుల నుంచి 90 అయింది. రెండేళ్లు ఓర్చుకుని, ఇక మానేద్దామనుకున్నాడు.

రాజీనామా రాసేముందు అతను బయటికి తీయాల్సింది విలీనమప్పుడు చేతికిచ్చిన కాగితం. అది బదిలీ ఉత్తరమా, కొత్త నియామక పత్రమా? పాత సంస్థలో నాలుగేళ్లు, కొత్త యాజమాన్యం కింద రెండేళ్లు పనిచేశాడు. గ్రాట్యుటీకి లెక్కించే వేతనం నెలకు 52,000. సర్వీసు కొనసాగుతుందని కాగితంలో ఉంటే ఆరేళ్ల లెక్క: 52,000ను 26తో భాగించి, 15 రోజులతో, ఆరుతో హెచ్చిస్తే 1,80,000 రూపాయలు. పాత చోట రాజీనామా చేసి కొత్తగా చేరినట్టు సంతకం పెట్టి ఉంటే, నాలుగేళ్లూ రెండేళ్లూ విడివిడిగా మిగులుతాయి. గ్రాట్యుటీకి సాధారణంగా కావాల్సింది ఐదేళ్లు. అప్పుడు కంపెనీ ఏమీ రాదనే అంటుంది. నోటీసు గడువుదీ అదే కథ. 90 రోజుల పత్రం మీద సంతకం పెట్టకపోతే, పాత 30 రోజులే వర్తిస్తాయని అడగడానికి ఆధారం ఉంటుంది.

ఇక కారణం. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసేయడం మనకు అలవాటు. గొడవ లేకుండా పోతుంది నిజమే. కానీ రేపు బకాయిల మీద పేచీ వస్తే, షరతులు మారినందుకే మానేశానన్న మాటకు మన ఉత్తరమే అడ్డొస్తుంది. ‘నన్ను కావాలనే కిందికి తోశారు’ అని రాస్తే అది ఆరోపణ, రుజువు చేయాల్సిన భారం మీద పడుతుంది. మధ్యే మార్గం ఇలా ఉంటుంది:

‘విలీనం తర్వాత, ఫలానా తేదీ నుంచి నా రిపోర్టింగ్, నోటీసు షరతులు మారాయి. మారిన ఏర్పాటులో కొనసాగడం నాకు వీలుపడదు కాబట్టి రాజీనామా చేస్తున్నాను. నా చివరి పనిదినం ఫలానా తేదీ.’

జరిగింది ఉంది, తేదీ ఉంది, ఎవరి పేరూ లేదు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలోనూ, కొత్త కంపెనీవాళ్లు అడిగినా ఇదే మాట చెప్పొచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం తొందరపడకూడదు. విలీనంలో కొన్ని పోస్టులు తీసేస్తూ పరిహారం ఇస్తున్నారని తెలిస్తే, ముందు హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి. తనంతట తాను మానేసినవారికి ఆ ప్యాకేజీ మామూలుగా దక్కదు.

రిలీవింగ్ లెటర్‌లో చేరిన తేదీగా విలీనం తేదీ పడుతుంటుంది. ఆఫీసు మెయిల్ మూసేయకముందే చూసుకుని, పాత సంస్థలో చేరిన తేదీ వేయించుకోవాలి.