501వ వరుస దాటని లెక్క

స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి సెల్‌కూ ఒక చిరునామా ఉంటుంది. కాలమ్‌కు అక్షరం, వరుసకు అంకె: B7, D501. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విజిక్యాల్క్ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 దాన్ని ఆఫీసులకు బాగా అలవాటు చేసింది. ఎక్సెల్ కూడా అదే దారిలో నడిచింది. పివట్ టేబుల్ కొత్త వరుసలను ఎందుకు పట్టించుకోదో తెలుసుకోవాలంటే ఈ చిరునామాల దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే పివట్ వెనుక ఉన్న ఆలోచన పుట్టింది ఈ చిరునామాలను వదిలించుకోవడానికే.

1986 ప్రాంతంలో లోటస్ సంస్థలో పీటో సాలస్ అనే ఇంజనీరు జనం స్ప్రెడ్‌షీట్లను ఎలా వాడుతున్నారో గమనించాడు. సమాచారం, దానిపై లెక్కలు, దాన్ని చూపించే తీరు, ఈ మూడూ ఒకే కాగితం మీద కలిసిపోయి ఉన్నాయి. ప్రాంతాల వారీగా వేసిన పట్టికను నెలల వారీగా తిప్పి చూడాలంటే మొత్తం మళ్లీ కట్టుకోవాల్సిందే. ఆ మూడింటినీ విడదీయాలన్నది సాలస్ ఆలోచన. దాని ఫలితంగా 1991లో నెక్స్ట్ కంప్యూటర్ మీద లోటస్ ఇంప్రూవ్ వచ్చింది. అందులో శీర్షికను మౌస్‌తో పట్టుకుని ఒక చోటి నుంచి మరో చోటికి లాగితే పట్టిక తనంతట తనే కొత్త కోణంలో తిరిగేది. లెక్కలు రాయడానికి సెల్ చిరునామాలు అక్కర్లేదు. రాబడి నుంచి ఖర్చు తీసేస్తే లాభం అని పేర్లతోనే రాసుకోవచ్చు.

ఇంప్రూవ్ మార్కెట్లో నిలబడలేదు. దాని ఆలోచనలో సగం మాత్రం బతికింది. 1993లో వచ్చిన ఎక్సెల్ 5 పివట్ టేబుల్‌ను పరిచయం చేసింది. శీర్షికలను లాగి పట్టికను తిప్పడం అందులోకి చక్కగా వచ్చింది. కానీ సమాచారం ఎక్కడుందో చెప్పడానికి ఎక్సెల్ మళ్లీ పాత చిరునామానే వాడుకుంది. తర్వాతి ఇబ్బందికి మూలం అక్కడుంది.

ఒక ఎరువుల దుకాణం రిజిస్టర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. తేదీ, సరుకు, ఊరు, మొత్తం అని నాలుగు కాలమ్‌లు. మొదటి వరుసలో శీర్షికలు, వాటి కింద జూన్ నెలాఖరు వరకు 500 అమ్మకాలు. గుమాస్తా ఆ సమాచారంలో ఒక సెల్ మీద కర్సర్ ఉంచి పివట్ టేబుల్ చొప్పించాడు. చుట్టూ ఖాళీ లేకుండా ఎంతవరకు సమాచారం ఉందో ఎక్సెల్ తనే గుర్తించి, `Register!$A$1:$D$501` అని రాసుకుంది. పివట్‌లో యూరియా, డీఏపీ, పొటాష్ విడివిడిగా వచ్చాయి. కింద మొత్తం 12,40,000 రూపాయలు. ఆ రోజుకు అది నూటికి నూరు పాళ్లూ సరైన లెక్క.

జూలై మొదటి వారంలో మరో 40 అమ్మకాలు కింద చేరాయి, 541వ వరుస దాకా. వాటి విలువ 96,500. గుమాస్తా పివట్ మీద రిఫ్రెష్ నొక్కాడు. మొత్తం 12,40,000 దగ్గరే ఉంది. మళ్లీ నొక్కినా అంతే.

నిజానికి రిఫ్రెష్ తన పని సరిగ్గానే చేసింది. పివట్ టేబుల్ షీటును నేరుగా చూడదు. మూల సమాచారాన్ని పివట్ క్యాష్ అనే నకలుగా దాచుకుని, దాని మీద లెక్కలు వేస్తుంది. రిఫ్రెష్ అంటే తనకు ఇచ్చిన చిరునామాకు వెళ్లి ఆ నకలును మళ్లీ రాసుకోవడం. చిరునామా D501తో ముగుస్తుంది; 502వ వరుసకు వెళ్లమని దానికెవరూ చెప్పలేదు. పైగా 300వ వరుసలో పాత బిల్లు మొత్తాన్ని దిద్ది రిఫ్రెష్ నొక్కితే ఆ మార్పు వెంటనే కనిపిస్తుంది. ఈ లోపంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం ఇదే. రిఫ్రెష్ పనిచేస్తోందన్న నమ్మకం మనిషికి కుదురుతుంది, ఎర్రగీత గానీ హెచ్చరిక గానీ ఎక్కడా రాదు. జూలైలో తొలిసారి అమ్మిన జింక్ సల్ఫేట్ లాంటి కొత్త సరుకు పివట్‌లో అసలు కనిపించకపోతే గుమాస్తా అదృష్టవంతుడు, వెంటనే అనుమానం వస్తుంది. కొత్త 40 బిల్లులూ యూరియావే అయితే, ఉన్న అంకె కాస్త తక్కువగా నిలిచిపోతుంది అంతే.

లోపాన్ని పట్టుకునే మార్గాలు రెండున్నాయి. `=SUM(Register!D:D)` అని వేరే షీటులో రాసి పివట్ మొత్తంతో పోల్చడం ఒకటి. ఇక్కడ 13,36,500 వస్తుంది, తేడా 96,500 అని తెలిసిపోతుంది. పివట్‌లోని `Grand Total` అంకె మీద డబుల్ క్లిక్ చేయడం రెండోది. ఆ మొత్తం వెనుక ఉన్న వరుసలన్నీ కొత్త షీటులో పరుచుకుంటాయి. అక్కడ 500 మాత్రమే ఉంటే, సంగతి అర్థమైనట్టే.

ఫైల్ లోపల కూడా ఇది కళ్లకు కనిపిస్తుంది. ఎక్సెల్ ఫైల్‌కు నకలు తీసి, దాని పేరు చివర .xlsx బదులు .zip అని మార్చి తెరిస్తే, `pivotCache` ఫోల్డర్‌లో ఈ వరుస దొరుకుతుంది:

```
<worksheetSource ref="A1:D501" sheet="Register"/>
```

అదే పివట్‌ను టేబుల్ మీద కట్టి ఉంటే ఇలా ఉంటుంది:

```
<worksheetSource name="Sales"/>
```

రెండోదానిలో ఏ అంకె కూడా లేదు. ఎంత దూరం చదవాలో పివట్ గుర్తుపెట్టుకోదు; ఆ బాధ్యత Sales అనే టేబుల్‌ది. ఇంప్రూవ్ నుంచి రాకుండా మిగిలిపోయిన సగం ఇక్కడికి ఆలస్యంగా చేరింది. ఎక్సెల్ 2003లో ఈ టేబుల్‌కు లిస్ట్ అన్న పేరుండేది, చివర ఒక నక్షత్రపు గుర్తు ఉన్న ఖాళీ వరుసతో. 2007లో దాన్ని మెరుగుపరిచి టేబుల్ అన్నారు. అంతకు ముందు నిపుణులు `OFFSET`, `COUNTA` కలిపిన సూత్రంతో సాగే పరిధిని తయారుచేసుకునేవారు. అయితే మొదటి కాలమ్‌లో ఒక్క సెల్ ఖాళీగా ఉన్నా ఆ సూత్రం ఒక వరుస తక్కువ లెక్కపెడుతుంది. కొందరు A:D అని కాలమ్‌లు మొత్తం ఇచ్చేస్తారు. అప్పుడు పివట్‌లో `(blank)` అన్న వరుస చేరుతుంది, కొన్ని ఎక్సెల్ వెర్షన్లలో ఖాళీ సెల్‌ల వల్ల కూడికకు బదులు బిల్లుల సంఖ్య లెక్కపెట్టడం మొదలవుతుంది. ఈ రెండింటికన్నా టేబులే మేలు.

మన దుకాణంలో చేయాల్సింది కొంచెమే. రిజిస్టర్‌లో ఒక సెల్ మీద ఉండి `Ctrl+T` నొక్కి, శీర్షికలు ఉన్నాయని టిక్ పెట్టాలి. `Table Design` లో పేరు Sales అని మార్చాలి. తర్వాత పివట్ మీదికి వెళ్లి `PivotTable Analyze` లో `Change Data Source` తెరిచి, అక్కడ పాత చిరునామా కనిపిస్తే దాన్ని చెరిపి Sales అని రాయాలి. ఈ చివరి మెట్టును మరిచిపోకూడదు. ఒకే క్యాష్ మీద పలు పివట్లు ఉంటే, ఒకదాని మూలం మార్చినంత మాత్రాన మిగతావి మారవు. ప్రతిదాన్నీ తెరిచి చూసుకోవాలి.

టేబుల్‌కూ హద్దులున్నాయి. చివరి వరుసకు ఆనుకుని రాస్తేనే అది సాగుతుంది. మధ్యలో ఒక ఖాళీ వరుస వదిలితే సాగదు. షీటుకు పాస్‌వర్డ్ రక్షణ పెట్టినా సాగదు. అడుగున మొత్తాల వరుస ఉంటే, దాని కింద రాసినవి టేబుల్‌లో చేరవు. టేబుల్ సాగినా, పివట్‌లో కొత్త అంకె కనబడాలంటే సాధారణంగా రిఫ్రెష్ నొక్కాల్సిందే; `Ctrl+Alt+F5` ఫైల్‌లోని పివట్లన్నిటినీ ఒకేసారి తాజా చేస్తుంది.

ఏడాదిగా నెలనెలా నింపుతున్న ఫైల్ ఏదైనా మీ దగ్గర ఉంటే, ఈ నెల నివేదిక పంపే ముందు ఒకసారి `Change Data Source` తెరిచి చూడండి. అక్కడ పేరు కాకుండా డాలర్ గుర్తుల మధ్య అంకెలు కనిపిస్తే, ఆ చివరి అంకెను రిజిస్టర్‌లోని ఆఖరి వరుసతో సరిపోల్చుకోండి.